ఫైలు బరువెక్కింది, ఫోటో మసకబారింది: ఒకే డాక్యుమెంటులో రెండూ ఎందుకు?

క్లుప్తంగా: అచ్చులో ఫోటో ఎంత స్పష్టంగా పడుతుందో తేల్చేది ఫైలు సైజు కాదు, ఫోటోలో ఉన్న పిక్సెళ్లను కాగితం మీద ఎన్ని అంగుళాలకు పరిచామన్నది. పిక్సెళ్లు అవసరానికి మించితే ఫైలు ఉబ్బుతుంది, చాలకపోతే ఫోటో మసకబారుతుంది. పేజీలో ఫోటో వెడల్పు, ఎత్తు ముట్టుకోకుండా లోపలి పిక్సెళ్లను మాత్రమే మార్చవచ్చు. కాకపోతే ఆ పని లేఅవుట్ ఖాయమయ్యాకే చేయాలి. ముందే చేస్తే పోయిన వివరం తిరిగి రాదు.

ఒక హైస్కూల్ స్వర్ణోత్సవానికి పూర్వ విద్యార్థులు స్మరణిక వేస్తున్నారనుకుందాం. ఏ4 సైజు, 48 పేజీలు. వర్డ్‌లో ఒకరు కూర్చుని టైపు చేశారు, తలా కొన్ని ఫోటోలు పంపారు. పని పూర్తయ్యేసరికి ఫైలు 180 ఎంబీ అయింది. జీమెయిల్‌లో అటాచ్‌మెంటుకు పరిమితి 25 ఎంబీ, కాబట్టి మెయిల్‌లో పోదు. జిప్ చేసి చూస్తే పెద్దగా తగ్గలేదు. ఎలాగో పెన్‌డ్రైవ్‌లో ప్రెస్‌కి చేర్చి ప్రూఫ్ తీయిస్తే ఇంకో చిక్కు. మొదటి పేజీలో హెడ్‌మాస్టర్ గారి ఫోటో మసగ్గా ఉంది, బడి లోగో అంచులు చెదిరాయి. ఇంత బరువైన ఫైలులో ఫోటోలు మసకగా ఎందుకున్నాయన్నది అక్కడ అందరికీ వచ్చే సందేహం.

పెద్ద ఫైలంటే మంచి క్వాలిటీ అనే లెక్కలో చూస్తే ఇది అర్థం కాదు. ఆ 180 ఎంబీ ఒక రకం ఫోటోల వల్ల వచ్చింది, మసక మరో రకం ఫోటోల వల్ల వచ్చింది. రెండూ ఒకే ఫైలులో పక్కపక్కనే ఉన్నాయి.

## 300 డీపీఐ అంటే అసలేమిటి

ప్రెస్‌లో మొదట వినిపించే మాట "ఫోటోలు 300 డీపీఐ ఉండాలి" అని. వర్డ్ ఇదే కొలతను ppi అని రాస్తుంది. ఈ వ్యాసం వరకు రెండూ ఒకటే అనుకోవచ్చు: ఒక అంగుళం కాగితం మీద ఎన్ని పిక్సెళ్లు పడుతున్నాయన్నది.

ఈ అంకె ఫోటోకు పుట్టుకతో వచ్చేది కాదు. ఫోటోకు సొంతంగా ఉండేవి పిక్సెళ్లు మాత్రమే. 12 మెగాపిక్సెళ్ల ఫోన్ తీసిన ఫోటోలో అడ్డంగా 4000, నిలువుగా 3000 పిక్సెళ్లు ఉంటాయి. దాన్ని పేజీలో 3 అంగుళాల వెడల్పున పెడితే 4000ను 3తో భాగించాలి, 1333 డీపీఐ వస్తుంది. అదే ఫోటోను గోడకు కట్టే 6 అడుగుల ఫ్లెక్సీ మీద వేస్తే వెడల్పు 72 అంగుళాలు, డీపీఐ 55 మాత్రమే. ఫైలు మారలేదు, ఒక్క పిక్సెల్ పెరగలేదు, తరగలేదు. పరిచిన చోటు మారింది, అంతే.

ఇక్కడే చాలామంది పొరబడతారు. ఫోటో ప్రాపర్టీస్‌లో 72 డీపీఐ అని కనిపిస్తుంది. కంగారుపడి ఏదో ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లో తెరిచి ఆ 72ను 300 చేస్తారు. ఫైలులో రాసి ఉండే ఆ అంకె, కొలత ఏదీ చెప్పనప్పుడు ఫోటోను ఎంత సైజులో పెట్టాలో సాఫ్ట్‌వేర్‌కు చెప్పే సూచన మాత్రమే. పేజీలో మన చేత్తో సైజు పెట్టాక దానికి విలువ లేదు. పైగా ఫోటోషాప్ లాంటి వాటిలో Resample అనే టిక్ ఉండగా ఈ మార్పు చేస్తే సాఫ్ట్‌వేర్ ఉన్న పిక్సెళ్ల మధ్య కొత్త పిక్సెళ్లను ఊహించి నింపుతుంది. 600 పిక్సెళ్ల ఫోటో 2500 పిక్సెళ్లవుతుంది, ఫైలు ఉబ్బుతుంది, ముఖం మాత్రం ఇదివరకంత మసగ్గానే ఉంటుంది. రెండు ఇబ్బందులూ ఒకే క్లిక్కుతో వచ్చి పడతాయి.

## స్క్రీన్ మీద బాగుంది కదా, కాగితం మీద ఎందుకు పాడైంది

మామూలు డెస్క్‌టాప్ మానిటర్‌లో అంగుళానికి సుమారు 92 నుంచి 96 పిక్సెళ్లు ఉంటాయి. 600 పిక్సెళ్ల ఫోటోను 6 అంగుళాల వెడల్పున పెట్టి 100 శాతం జూమ్‌లో చూస్తే అంగుళానికి 100 పిక్సెళ్లు. మానిటర్ చూపించగలిగిందే దాదాపు అంత, కాబట్టి లోటు కనిపించదు. కాగితం మీద అచ్చు యంత్రం అంతకు మూడింతలు సన్నని వివరం చూపించగలదు. చూపించడానికి ఫోటోలో వివరం లేదు కాబట్టి ఆ ఖాళీ మసకగా కనిపిస్తుంది.

300 అన్న అంకె కూడా ఎవరో ఊరికే పెట్టింది కాదు. ఆఫ్‌సెట్ అచ్చులో రంగు ఛాయలను చిన్న చిన్న చుక్కల వరుసలుగా వేస్తారు. మంచి ఆర్ట్ పేపర్ మీద అంగుళానికి 150 వరుసలు వేయడం మామూలు. ఒక్కో వరుసకు రెండు పిక్సెళ్లుంటే సరిపోతుందన్నది ముద్రణలో పాత లెక్క. 150ని రెట్టింపు చేస్తే 300. న్యూస్‌ప్రింట్ మీద సిరా పాకుతుంది కనుక వరుసలు 85 నుంచి 100 వరకే వేస్తారు, అక్కడ ఫోటోకు 200 చాలు. కంటి వైపు నుంచి లెక్కేసినా ఇదే వస్తుంది. అడుగు దూరంలో పట్టుకుని చదివే పుస్తకంలో ఆరోగ్యమైన కన్ను విడదీసి చూడగలిగేది అంగుళానికి సుమారు 290 చుక్కలు. పదడుగుల దూరం నుంచి చూసే ఫ్లెక్సీకి 29 చాలు. 55 డీపీఐ ఫ్లెక్సీ కళకళలాడుతూ కనిపించడానికి కారణం ఇదే. "ఫ్లెక్సీకి పనికొచ్చిన ఫోటో పుస్తకానికి ఎందుకు పనికిరాదు" అన్న ప్రశ్నకు జవాబూ ఇదే.

అలాగని 300కు ఒక్కటి తగ్గినా ఫోటో పాడవదు. 200 నుంచి 220 మధ్య ఉన్న ఫోటో మామూలు పాఠకుడి కంటికి బాగానే కనిపిస్తుంది. 150 దగ్గర పరిశీలనగా చూసేవారికి తేడా తెలుస్తుంది. 100కు దిగితే అందరికీ తెలుస్తుంది. ఒక్క మినహాయింపు ఉంది: అక్షరాలున్న బొమ్మలు. పాత ప్రశంసాపత్రం, చేతిరాత ఉత్తరం, పేపర్ కటింగ్ లాంటి వాటికి 300 కనీసం, నలుపు తెలుపులో అయితే 600 పెట్టుకోవడం మంచిది. తెలుగు అక్షరాలకు ఇది మరీ ముఖ్యం. గుడికీ గుడిదీర్ఘానికీ తేడా ఒక చిన్న మెలిక, ఒత్తులు అసలు అక్షరం కన్నా చిన్నవి. తక్కువ రిజల్యూషన్‌లో మొదట పూడుకుపోయేవి అవే.

ప్రూఫ్ తీయించకుండానే దీన్ని ముందే పసిగట్టే తేలిక మార్గం ఒకటుంది. డాక్యుమెంటును 300 శాతం జూమ్ చేసి ఫోటో చూడాలి. మామూలు మానిటర్‌లో అప్పుడు దాదాపు 300 డీపీఐ ఎలా ఉంటుందో ఒక్కో పిక్సెల్ చొప్పున కనిపిస్తుంది. ఆ జూమ్‌లో ముఖం స్పష్టంగా ఉంటే అచ్చులోనూ ఉంటుంది. అంచులు మెట్లు మెట్లుగానో, పొగ కమ్మినట్టుగానో ఉంటే కాగితం మీద కూడా అదే పడుతుంది.

## ఫైలు విప్పి చూస్తే

వర్డ్ దాచే .docx ఫైలు నిజానికి ఒక జిప్ మూట. కాపీ ఒకటి తీసుకుని దాని చివరి .docx తీసేసి .zip అని పేరు మార్చి తెరిస్తే `word` ఫోల్డరులో `media` అని ఇంకో ఫోల్డరు ఉంటుంది. డాక్యుమెంటులోని ఫోటోలన్నీ అక్కడే ఉంటాయి. లిబ్రేఆఫీస్ .odt ఫైలులో ఆ ఫోల్డరు పేరు `Pictures`. లినక్స్‌లోనో మ్యాక్‌లోనో అయితే పేరు మార్చే పని కూడా లేదు:

```
unzip -l smaranika.docx
```

మన స్మరణికలో వచ్చే జాబితా నుంచి మూడు వరుసలు, సైజు, పేరు మాత్రం తీసుకుంటే ఇలా ఉంటాయి:

```
 4183220  word/media/image7.jpeg
14760118  word/media/image12.png
   61204  word/media/image15.jpeg
```

ఈ మూడు వరుసలు చాలు, కథంతా ఇందులోనే ఉంది.

మొదటిది వార్షికోత్సవంలో ఫోన్‌తో తీసిన ఫోటో. 4000×3000 పిక్సెళ్లు, 4 ఎంబీ. పేజీలో దాని వెడల్పు 3 అంగుళాలే. 300 డీపీఐకి 900×675 చాలు. అంటే 6 లక్షల పిక్సెళ్లు కావలసిన చోట కోటీ 20 లక్షలు కూర్చున్నాయి, 20 రెట్లు ఎక్కువ. ఇలాంటివి 40 ఉంటే అవే 160 ఎంబీ. అచ్చులో వీటి వల్ల అదనంగా ఒక్క గీత కూడా కనిపించదు.

రెండోది ఒక దాత ఫోటో. మరో సాఫ్ట్‌వేర్‌లో తెరిచి కాపీ చేసి వర్డ్‌లో పేస్ట్ చేశారు. అలా చేసినప్పుడు ఫోటో తరచుగా పీఎన్‌జీగా చేరుతుంది. పీఎన్‌జీ ఏ పిక్సెల్‌నూ వదులుకోదు. స్క్రీన్‌షాట్లకు, గీతలకు, లోగోలకు అది చక్కగా పనిచేస్తుంది, ఎందుకంటే అక్కడ ఒకే రంగు చాలా దూరం పరుచుకుని ఉంటుంది. ఫోటోలో పక్కపక్క పిక్సెళ్లు కూడా కొద్దిగా వేరు రంగులో ఉంటాయి కనుక అది ముడుచుకోదు. జేపెగ్‌గా 3 ఎంబీ ఉండే ఫోటో పీఎన్‌జీగా 14 ఎంబీ కావడం మామూలే. Insert మెనూ నుంచి ఫోటో ఫైలునే చేర్చితే ఈ ఉబ్బు ఉండదు.

జిప్ చేసినా ఫైలు ఎందుకు తగ్గలేదో కూడా ఇక్కడే తెలుస్తుంది. .docx ఇప్పటికే జిప్, లోపల ఉన్న జేపెగ్‌లు ముందే బాగా కుదించినవి. మళ్ళీ జిప్ చేస్తే పిండడానికి అందులో మిగిలిందేమీ లేదు.

మూడోది 61 కేబీ. అదే హెడ్‌మాస్టర్ గారి ఫోటో. దీన్ని విడిగా చూడాలి.

## ఎవరూ ముట్టుకోకుండానే ఫోటో పాడవడం

ఆ ఫోటో వచ్చినప్పుడు 3000×4000 పిక్సెళ్లు. తీసినవారి ఫోన్‌లో ఇప్పటికీ అలాగే ఉంది. స్మరణిక మొదటి ముసాయిదాలో దాన్ని 2 అంగుళాల వెడల్పున సందేశం పక్కన పెట్టారు, సేవ్ చేశారు. రెండు వారాల తర్వాత కమిటీ వాళ్ళు "సార్ ఫోటో పెద్దగా ఉండాలి" అన్నారు. మూల పట్టుకుని 5 అంగుళాలకు లాగారు. మసకబారింది మాత్రం లాగిన రోజున కాదు, మొదటిసారి సేవ్ చేసిన రోజునే.

వర్డ్‌లో File → Options → Advanced లోకి వెళ్లి కొంచెం కిందికి దిగితే Image Size and Quality అనే భాగం కనిపిస్తుంది. అక్కడ Default resolution అని ఒక గడి ఉంటుంది. చాలా వెర్షన్లలో అందులో 220 ppi ముందే ఎంచి ఉంటుంది, కొత్త వాటిలో High fidelity ఉంటుంది. 220 ఉన్నప్పుడు సేవ్ నొక్కగానే వర్డ్ ప్రతి ఫోటోను ఆ క్షణాన పేజీలో ఉన్న వెడల్పుతో చూస్తుంది. 2 అంగుళాలకు 220 చొప్పున 440 పిక్సెళ్లు ఉంచి మిగతావి తీసేస్తుంది. 3000 కాస్తా 440 అయింది. 2 అంగుళాల దగ్గర ఆ తేడా ఎవరి కంటికీ ఆనదు. తర్వాత 5 అంగుళాలకు లాగితే 440ను 5తో భాగించాలి, 88 డీపీఐ. స్మరణిక మొదటి పేజీలో మసక ముఖం అలా వచ్చింది. వార్షికోత్సవం ఫోటోల్లాంటివి తర్వాత, High fidelity ఉన్న వేరే ఫైలులో చేర్చారు కాబట్టి వాటికి ఈ కోత పడలేదు.

ఇది వర్డ్ తప్పు అనడం సరికాదు. ఆఫీసు ఉత్తరాలకు, రిపోర్టులకు ఆ సెట్టింగు చాలా ఉపయోగం, లేకపోతే ప్రతి ఫైలూ వందల ఎంబీలు తూగుతుంది. నెలల తరబడి కదులుతూ ఉండే లేఅవుట్‌కు మాత్రం అది పనికిరాదు. అందుకే పుస్తకం పని మొదలుపెట్టిన రోజునే, ఒక్క ఫోటో కూడా చేర్చకముందు, అదే చోట Do not compress images in file అనే టిక్ పెట్టాలి. ఈ సెట్టింగు ఒక్కో డాక్యుమెంటుకు విడివిడిగా ఉంటుందన్నది చాలామందికి తెలియదు. ఒక ఫైలుకు పెట్టినంత మాత్రాన ఇంకో ఫైలుకు రాదు. పక్కనున్న జాబితాలో All New Documents ఎంచుకుంటేనే ఇకపై తెరిచే కొత్త ఫైళ్లకు వర్తిస్తుంది.

పని జరుగుతున్నంత కాలం ఫైలు బరువుగానే ఉండనివ్వాలి. బరువు దించే రోజు వేరే ఉంది.

## పేజీ కదలకుండా బరువు దించడం

లేఅవుట్ చెదరడానికి ముఖ్య కారణం ఫోటోలను బయటికి తీసి, చిన్నవి చేసి, పాతవి డిలీట్ చేసి మళ్ళీ చేర్చడం. కొత్తగా చేర్చిన ఫోటో తనకు తోచిన వెడల్పుతో, మామూలు In Line with Text పద్ధతిలో వచ్చి కూర్చుంటుంది. పాతదానికి చుట్టూ అక్షరాలు పారేలా పెట్టిన సెట్టింగు పోతుంది. ఒక పేరా కిందికి జరుగుతుంది, దాంతో ఆఖరి లైను తర్వాతి పేజీకి పోతుంది, విషయసూచికలో పేజీ నంబర్లన్నీ తప్పుతాయి. 40 ఫోటోలకు ఇలా చేస్తే ఒక రోజు పని వృథా.

దానికి బదులు లోపలి పిక్సెళ్లను మాత్రమే తగ్గించాలి. వర్డ్‌లో ముందు ఫైలును వేరే పేరుతో దాచి, అసలు ఫైలును పక్కన పెట్టాలి. ఈ మెట్టు దాటవేయకూడదు, ఎందుకంటే ఆ తర్వాత జరిగేది వెనక్కి రాదు. కొత్త కాపీలో Do not compress టిక్ తీసేసి, ఏదో ఒక ఫోటో మీద క్లిక్ చేస్తే పైన Picture Format ట్యాబ్ వస్తుంది. అందులో Compress Pictures. వచ్చే పెట్టెలో Apply only to this picture టిక్ తీసేస్తే డాక్యుమెంటులోని ఫోటోలన్నిటికీ వర్తిస్తుంది. రిజల్యూషన్ వరుసలో HD 330 ppi, Print 220 ppi, Web 150 ppi, E-mail 96 ppi ఉంటాయి. ఆఫ్‌సెట్ ప్రెస్‌కి అయితే 330, ఆఫీసు ప్రింటర్ మీద తీసుకోవడానికి 220, వాట్సాప్‌లో చదువుకోవడానికి పంపేదైతే 150. OK నొక్కాక సేవ్ చేస్తేనే సైజు మారుతుంది. సేవ్ చేయకముందే ఫైలు సైజు చూసి "ఏమీ తగ్గలేదే" అనుకోవడం మామూలుగా జరిగేదే.

మన లెక్కకు వస్తే 3 అంగుళాల ఫోటో 330 దగ్గర 990×743 పిక్సెళ్లవుతుంది, 4 ఎంబీ ఉన్నది సుమారు 300 కేబీకి దిగుతుంది. 40 ఫోటోలు 160 ఎంబీ నుంచి దాదాపు 12 ఎంబీకి వస్తాయి. ఫోటోల వెడల్పు, ఎత్తు, చోటు, చుట్టూ అక్షరాల ప్రవాహం ఏవీ మారవు. చేసే ముందు, చేశాక పేజీల సంఖ్య ఒకటేనా అని చూసుకుంటే చాలు.

అదే పెట్టెలో Delete cropped areas of pictures అనే టిక్ ఉంటుంది. వర్డ్‌లో ఫోటోను క్రాప్ చేస్తే కత్తిరించిన భాగం నిజంగా పోదు, తెర వెనక దాగి ఉంటుంది. 20 మంది ఉన్న ఫోటోలోంచి ఒక్కరిని క్రాప్ చేస్తే మిగతా 19 మందినీ ఫైలు మోస్తూనే ఉంటుంది. ఫైలు అందుకున్నవారు క్రాప్ పట్టుకుని వెనక్కి లాగితే అందరూ కనబడతారు కూడా. ఎవరి ఫోటోనైనా కావాలనే తప్పించినప్పుడు ఇది బరువు సంగతి మాత్రమే కాదు. ఈ టిక్ పెడితే ఆ భాగం పోతుంది. ఇక Options లో ఉండే Discard editing data అన్నది ఇంకో రకం మోత దించుతుంది. ఫోటో వెనక బ్యాక్‌గ్రౌండ్ తీసేసినా, వర్డ్‌లోని ఎఫెక్టులు వాడినా, మళ్ళీ మొదటికి రావడానికి వీలుగా వర్డ్ అసలు ఫోటోను కూడా దాస్తుంది. `media` ఫోల్డరులో `.wdp` అని ముగిసే ఫైళ్లు కనిపిస్తే అవే ఇవి.

లిబ్రేఆఫీస్ రైటర్‌లో ఫోటో మీద కుడి క్లిక్ చేస్తే Compress వస్తుంది. ఆ పెట్టె పారదర్శకంగా ఉంటుంది: ఫోటో అసలు పిక్సెళ్లు, పేజీలో కనిపించే సైజు, ఇప్పుడున్న బరువు అన్నీ చూపిస్తుంది. Reduce image resolution లో 300 రాసి, JPEG Quality ఎంచుకుని, Calculate New Size నొక్కితే ఎంతకు దిగుతుందో ముందే చెబుతుంది. అయితే ఒక్కో ఫోటోకు విడిగా చేయాలి. అన్నిటికీ ఒకేసారి కావాలంటే పీడీఎఫ్ తీసేటప్పుడు చేసుకోవడమే మేలు. Export as PDF లో General ట్యాబ్‌లో జేపెగ్ నాణ్యత 90 శాతం, రిజల్యూషన్ 300 DPI అని ముందే ఉంటాయి. ఈ దారిలో ఇంకో లాభం ఉంది: అసలు .odt ఫైలులో ఏ ఫోటో పాడవదు, తగ్గేది పీడీఎఫ్‌లోనే.

## రిజల్యూషన్ వేరు, కంప్రెషన్ వేరు

ఈ రెండింటినీ కలిపి మాట్లాడటం వల్ల చాలా గందరగోళం పుడుతోంది. రిజల్యూషన్ తగ్గించడమంటే పిక్సెళ్ల సంఖ్య తగ్గించడం. కంప్రెషన్ పెంచడమంటే పిక్సెళ్లు అన్నే ఉంచి ఒక్కోదాని గురించి తక్కువ సమాచారం దాచడం. జేపెగ్ ఫోటోను 8×8 పిక్సెళ్ల గళ్లుగా విడగొట్టి, ప్రతి గడిలో కన్ను అంతగా పట్టించుకోని సన్నని తేడాలను వదిలేస్తుంది. నాణ్యత అంకె ఎంత తగ్గిస్తే అంత ఎక్కువ వదులుతుంది.

అందువల్ల రెండు మసకలూ చూడగానే వేరుగా తెలుస్తాయి. పిక్సెళ్లు చాలని ఫోటోలో అంతా సమానంగా మెత్తబడి ఉంటుంది, ఏటవాలు గీతలు మెట్లుగా ఉంటాయి. కంప్రెషన్ ఎక్కువైన ఫోటోలో ఆకాశం, గోడ లాంటి సాదా చోట్ల చిన్న చిన్న చతురస్రాలు కనిపిస్తాయి, అక్షరాల అంచుల చుట్టూ దోమలు ముసిరినట్టు మరకలుంటాయి. మొదటిదానికి మందు ఎక్కువ పిక్సెళ్లున్న ఫోటో తేవడం. రెండోదానికి తక్కువసార్లు సేవ్ చేసిన ఫోటో తేవడం, ఎందుకంటే జేపెగ్‌ను మార్చి సేవ్ చేసిన ప్రతిసారీ మళ్ళీ కొంత పోతుంది.

నాణ్యత అంకె 80 నుంచి 90 మధ్య ఉంటే అచ్చుకు నిశ్చింత. 90 నుంచి 100కు పెంచితే ఫైలు దాదాపు రెట్టింపు కావచ్చు, కాగితం మీద తేడా కనిపించదు. 60 కిందకి దిగితే గళ్లు బయటపడటం మొదలవుతుంది. బరువు తగ్గించాల్సి వస్తే ముందు మిగులు పిక్సెళ్లను తీసేయాలి, ఆ తర్వాతే నాణ్యత జోలికి పోవాలి. 1333 డీపీఐని 330కి దించితే పాఠకుడికి ఏ నష్టమూ లేదు. నాణ్యతను 40కి దించితే నష్టం కళ్లకు కనిపిస్తుంది.

## మసకబారిన ఫోటోకు ఉన్న దారులు

హెడ్‌మాస్టర్ గారి ఫోటో విషయంలో మందు సులువే. తీసినవారి నుంచి అసలు ఫైలు తెప్పించి, వర్డ్‌లో పాత ఫోటో మీద కుడి క్లిక్ చేసి Change Picture ద్వారా మార్చాలి. కొత్తది పాతదాని చోట్లోనే, అదే అమరికతో వస్తుంది. ఒక షరతు: రెండింటి వెడల్పు, ఎత్తుల నిష్పత్తి ఒకటిగా ఉండాలి. పాతది 3:4లో ఉండి కొత్తది 9:16లో ఉంటే ఎత్తు మారి కింది పేరా జరుగుతుంది. ముందే 3:4కు క్రాప్ చేసి తెస్తే ఏమీ కదలదు. 5 అంగుళాల వెడల్పుకు 1500 పిక్సెళ్లు కావాలి, అసలు ఫోటోలో 3000 ఉన్నాయి. సమస్య తీరింది.

అసలు ఫైలు తెప్పించేటప్పుడు వాట్సాప్‌లో మామూలుగా పంపమంటే మళ్ళీ చిక్కే. మామూలు పద్ధతిలో వాట్సాప్ ఫోటో పొడవు వైపును సుమారు 1600 పిక్సెళ్లకు కుదించి, కంప్రెషన్ కూడా పెంచుతుంది. ఫోటోను గ్యాలరీ నుంచి కాక Document గా పంపితే ఉన్నది ఉన్నట్టు వస్తుంది. స్క్రీన్‌షాట్ తీసి పంపితే అన్నిటికన్నా అన్యాయం, అప్పుడు వచ్చేది ఫోన్ తెర వెడల్పంత మాత్రమే.

గ్రూప్ ఫోటో విషయం వేరు. 60 మంది, మూడు వరుసలు, 6 అంగుళాల వెడల్పు, వాట్సాప్‌లో వచ్చిన 1600 పిక్సెళ్లు. లెక్క వేస్తే 267 డీపీఐ, బాగానే ఉంది. అయినా అచ్చులో ఎవరి ముఖమూ ఆనవాలు పట్టలేం. వరుసకు 20 మంది ఉంటే ఒక్కొక్కరికి అడ్డంగా దక్కేవి 80 పిక్సెళ్లు, అందులో ముఖానికి నలభై. కళ్లు, ముక్కు, చిరునవ్వు అన్నీ ఆ నలభైలో ఇమడాలి, పైగా వాటి మీద వాట్సాప్ కంప్రెషన్. పుస్తకం తెరిచిన ప్రతి ఒక్కరూ ముందు తమ ముఖం కోసం వెతికేది ఈ ఫోటోలోనే. ఇలాంటి ఒక్క ఫోటోకైనా అసలు ఫైలు సంపాదించి, వీలైతే రెండు పేజీలకు పరచడం కమిటీ చేయాల్సిన పని. డీపీఐ లెక్క సరిపోయిందని వదిలేయకూడదు.

లోగోకు పిక్సెళ్ల దారే సరికాదు. వెబ్‌సైటు నుంచి తీసిన 200 పిక్సెళ్ల లోగో ఒకటిన్నర అంగుళానికి 133 డీపీఐ. గీతలు, అక్షరాలు ఉన్న బొమ్మ కాబట్టి చెదిరినట్టు స్పష్టంగా తెలుస్తుంది. దాన్ని గీసిన డిజైనర్ దగ్గర ఎస్‌వీజీ ఫైలు ఉంటే అదే పెట్టాలి. అందులో పిక్సెళ్లుండవు, గీతల వివరణ ఉంటుంది. ఎంత పెంచినా అంచు పదునుగానే ఉంటుంది, బరువు కొద్ది కేబీలే.

ఇక పాత న్యూస్‌పేపర్‌లోని ఫోటోను స్కాన్ చేసినప్పుడు మసకకు బదులు అలల్లాంటి గీతలు వస్తే, అది రిజల్యూషన్ లోపం కాదు. పేపర్ మీద ముందే ఉన్న అచ్చు చుక్కలు, స్కానర్ గళ్లు ఒకదానితో ఒకటి తగువు పడటం వల్ల వచ్చేది. స్కానర్ సెట్టింగుల్లో Descreen ఉంటే దాన్ని పెట్టి మళ్ళీ స్కాన్ చేయాలి.

## ప్రెస్‌కి పంపేముందు పీడీఎఫ్‌ను పరీక్షించడం

ప్రెస్‌కి చేరేది సాధారణంగా పీడీఎఫ్. వర్డ్‌లో పీడీఎఫ్‌గా దాచేటప్పుడు Optimize for దగ్గర Standard, Minimum size అని రెండుంటాయి. మెయిల్‌లో చిన్నగా పోతుందని రెండోది ఎంచుకుంటే ఫోటోలు ఆ మెట్టు దగ్గర మళ్ళీ కుదించుకుపోతాయి. అచ్చుకు ఎప్పుడూ Standard.

తయారైన పీడీఎఫ్‌లో ఏ ఫోటో ఎన్ని డీపీఐతో ఉందో ఊహించనక్కర్లేదు. పాప్లర్ అనే ఉచిత ప్యాకేజీలో ఉండే చిన్న ఉపకరణం పట్టిక వేసి చెబుతుంది:

```
pdfimages -list smaranika.pdf
```

ఒక్కో ఫోటోకు ఒక్కో వరుస వస్తుంది. మొదటి నిలువు గడి page, మధ్యలో width, height, చివరికి దగ్గరగా x-ppi, y-ppi ఉంటాయి. ఆ ppi అంకెల మీద కన్ను వేసి కిందికి దిగితే చాలు. వెయ్యికి పైన ఉన్నవి బరువు మోసేవి, 150 కింద ఉన్నవి మసకబారేవి. మొదటి ప్రూఫ్‌కి ముందే ఇది చూసి ఉంటే మొదటి పేజీ ఎదురుగా x-ppi గడిలో 88 కనిపించేది. x-ppi, y-ppi రెండూ ఒకటిగా లేకపోతే ఆ ఫోటోను ఎవరో పక్కకు సాగదీశారని అర్థం.

వర్డ్ ఫైలు చేతిలో లేదు, బరువైన పీడీఎఫ్ మాత్రమే ఉందంటే గోస్ట్‌స్క్రిప్ట్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌తో తగ్గించవచ్చు:

```
gs -sDEVICE=pdfwrite -dPDFSETTINGS=/printer -o chinnadi.pdf smaranika.pdf
```

ఇందులో `/printer` అంటే 300 డీపీఐ, `/ebook` అంటే 150, `/screen` అంటే 72. పేజీ అమరిక మారదు. అయితే లక్ష్యానికి ఒకటిన్నర రెట్లు దాటిన ఫోటోలనే ఇది ముట్టుకుంటుంది. 300 అడిగితే 450 పైనున్నవే తగ్గుతాయి. 400 డీపీఐ ఫోటో అలాగే ఉండిపోయిందంటే కమాండు పనిచేయలేదని కాదు. 88 ఉన్న ఫోటోను ఇది 300 చేయదు, తగ్గించడమే దీని పని. ఫైలును మొత్తం తిరగరాస్తుంది కాబట్టి తెలుగు ఒత్తులు, సంయుక్తాక్షరాలు సరిగా ఉన్నాయో లేదో నాలుగైదు పేజీలు తెరిచి చూసుకోవాలి.

పుస్తకాన్ని ప్రెస్ వాళ్లే తమ సాఫ్ట్‌వేర్‌లో మళ్ళీ పేజీలు కడతామంటే మాత్రం ఈ కుదింపులేవీ వద్దు. వర్డ్ ఫైలులో అక్షరాలు ఇచ్చి, అసలు ఫోటోలను విడిగా ఒక ఫోల్డరులో, పేజీ నంబరే పేరుగా పెట్టి ఇవ్వాలి. ఫోటో పేజీలో ఎంత వెడల్పున పడుతుందో అప్పుడు తేల్చేది వాళ్లు. ఆ వెడల్పు తెలియకుండా మనం ముందే తగ్గిస్తే, 2 అంగుళాల దగ్గర సేవ్ చేసి 5 అంగుళాలకు లాగిన ఫోటోకు పట్టిన గతే వీటికీ పడుతుంది.